ఏడు వారాల్లో పెళ్లి, పదకొండు సార్లు తీసిన కార్డు

నేను టారో కార్డులు చదువుతాను. పెళ్లి ప్రశ్నతో నా దగ్గరికి వచ్చిన ఒకామె తన కేసు రాయడానికి ఒప్పుకున్నారు. వయసు, ఉద్యోగం, కుటుంబం గురించిన వివరాలు మార్చాను. వచ్చిన కార్డులు, అవి వచ్చిన వరస మాత్రం నా నోట్‌బుక్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచాను. నేను వాడేది రైడర్-వెయిట్-స్మిత్ టారో డెక్. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసిన 78 కార్డుల డెక్ అది. ఆ బొమ్మలు ఈ కేసులో ముఖ్యం కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆమెకు ముప్ఫై దాటాయి. ఉద్యోగం ఉంది, పనిలో నిర్ణయాలు తీసుకోవడం అలవాటే. అబ్బాయితో రెండేళ్ల పరిచయం, ఇద్దరూ ఇష్టపడే పెళ్లికి సిద్ధమయ్యారు. నా దగ్గరికి వచ్చేసరికి పెళ్లి ఏడు వారాల్లో ఉంది. హాల్ బుక్ చేశారు, అందరికీ చెప్పేశారు. కూర్చున్న వెంటనే అడిగింది ఒక్కటే: "మేడం, వాయిదా వెయ్యాలా, కానిచ్చేయాలా? కార్డులు ఏది చెబితే అది చేస్తాను."

ఏమైందని అడిగాను. "ఏమీ కాలేదు. అదే భయంగా ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఇంక నిద్ర పట్టదు" అన్నారు. కాసేపటికి ఇంకో సంగతి బయటపడింది. అప్పటికే ఇంట్లో ఫోన్‌లో ఉన్న కార్డుల యాప్‌లో ఇదే ప్రశ్నకు పదకొండు సార్లు కార్డు తీశారట. ఆరు సార్లు "వెళ్లు" అన్నట్టు, ఐదు సార్లు "ఆగు" అన్నట్టు వచ్చిందని లెక్క కూడా పెట్టుకున్నారు.

ఆ లెక్క వినగానే నేను ఆగి ఉండాల్సింది. ఆరు, ఐదు అంటే నాణెం ఎగరేసినట్టే. ఒకే ప్రశ్నకు అన్ని సార్లు కార్డు తీసిన మనిషికి పన్నెండో కార్డు వల్ల కొత్తగా ఒరిగేదేమీ ఉండదు. కానీ ఎదుట కూర్చున్న మనిషి అంత టెన్షన్‌లో ఉన్నప్పుడు చేతులు వాటంతట అవే డెక్ మీదకి పోతాయి. నేను కలపడం మొదలుపెట్టాను.

మూడు కార్డులు పరిచాను: పరిస్థితి, అడ్డంకి, సలహా. మొదటి చోట నైన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. రాత్రి మూడు గంటల సంగతి చెప్పాక ఈ కార్డు చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. రెండో చోట మూన్. మూడో చోట ఫోర్ ఆఫ్ వాండ్స్: నాలుగు కర్రలకు కట్టిన పూలదండ, దాని వెనక పూలగుత్తులు ఎత్తి పట్టుకున్న ఇద్దరు. ఈ డెక్‌తో చదివేవాళ్లు చాలామంది దీన్ని పెళ్లి కార్డుగానే చూస్తారు.

నేను ఇలా చెప్పాను: "భయం రాత్రిపూట పెద్దగా కనిపిస్తోంది, చీకట్లో స్పష్టత లేదు, కానీ ద్వారం తెరిచే ఉంది. కార్డులు పెళ్లి వైపే మొగ్గుతున్నాయి." చదివిన తీరులో సాంకేతికంగా తప్పు లేదు. చేసిన పనిలో ఉంది తప్పు.

తప్పని అక్కడికక్కడే తెలిసింది. మోస్తున్న బరువు దిగితే మనిషి భుజాలు కిందికి జారుతాయి, ఊపిరి పొడుగవుతుంది. ఆమెలో ఆ రెండూ జరగలేదు. "కచ్చితంగానా?" అన్నారు. ఆ వెంటనే, "వివరణకి ఇంకొక్క కార్డు తీయండి." తీశాను, హ్యాంగ్డ్ మ్యాన్ వచ్చింది. ఒంటికాలితో తలకిందులుగా వేలాడే మనిషి, ఆగమనే కార్డు. ఆమె ముఖం మాడిపోయింది. "ఇంకొక్కటి" అన్నారు. ఏస్ ఆఫ్ కప్స్ వచ్చింది. మళ్లీ ముఖం వెలిగింది. ఇంట్లో యాప్‌తో పదకొండు సార్లు చేసిన పనినే నేను నా బల్ల మీద చేయిస్తున్నానని అప్పుడు అర్థమైంది. కార్డులు మూసేసి, వారం తర్వాత రమ్మన్నాను. ఆ వారం యాప్ తెరవద్దని చెప్పాను. రెండు సార్లు తెరిచానని తర్వాత ఒప్పుకున్నారు.

ఆ వారం నేను ఆలోచించింది ఒకటే. అవును, కాదు అనే ప్రశ్నకి కార్డులు ఎందుకు పట్టు ఇవ్వలేదు? ఏ కార్డుకైనా రెండు అర్థాలు లాగొచ్చు కాబట్టి అనేది పైపై జవాబు. అసలు కారణం ఇంకా లోపల ఉంది. "వాయిదా వెయ్యాలా" అనేది ఆమె మొదటి ప్రశ్న కాదు. దాని కింద ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని ఆమె ఎవరినీ అడగలేదు కాబట్టే ఈ ప్రశ్న ఇంతగా పెరిగింది. కానీ అప్పటికి ఆ రెండో ప్రశ్న ఏమిటో నాకూ తెలియదు.

రెండోసారి వచ్చినప్పుడు కార్డులు రెండు దారులుగా పరిచాను. మధ్యలో ఒక కార్డు, కుడివైపు మూడు, ఎడమవైపు మూడు. కుడి వైపు కానిచ్చేస్తే, ఎడమ వైపు వాయిదా వేస్తే. నిర్ణయాల మీద వచ్చేవాళ్లకి నేను మామూలుగా వాడేది ఇదే. ఉద్యోగం మారాలా, చదువు కొనసాగించాలా లాంటి వాటికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే రెండు దారుల్లోనూ ఏం ఉందో అడిగే మనిషికి కొంతైనా తెలిసి ఉంటుంది. కార్డు ఆ తెలిసినదాన్ని కదిలిస్తుంది.

కానిచ్చేసే దారిలో టెన్ ఆఫ్ కప్స్, ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్, నైట్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చాయి. వాయిదా దారిలో హ్యాంగ్డ్ మ్యాన్, టవర్, స్టార్. ఆమె ఏం చేశారంటే, అందమైన బొమ్మలు లెక్కపెట్టారు. "ఇటువైపు ఇంద్రధనుస్సు ఉంది. అటువైపు పిడుగు ఉంది. కానీ నక్షత్రం కూడా ఉంది." కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఎక్కడా నిలవడం లేదు. ఈ పద్ధతి కూడా పనిచేయడం లేదు.

అప్పుడు కార్డు గురించి కాకుండా ఖాళీ గురించి అడిగాను. వాయిదా దారి మీద వేలు పెట్టి, "మూడు నెలలు వాయిదా పడిందనుకుందాం. ఆ మూడు నెలల్లో మీరు ఏం చేస్తారు?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "తెలీదు. ఆలోచిస్తానేమో."

"దేని గురించి?"

జవాబు లేదు. ఈ కేసంతటిలో మలుపు ఇక్కడే అని నా అభిప్రాయం. వాయిదాలో తేలాల్సినదేమిటో తెలియకపోతే అది ఇదే భయాన్ని మూడు నెలలు ముందుకు జరపడమే. అలాంటి ఖాళీ దారి మీద ఎన్ని కార్డులు పరిచినా, అవి బొమ్మలుగానే మిగులుతాయి.

ఇక కార్డులు బోర్లించి కలపడం మానేశాను. డెక్ మొత్తం ముఖాలు పైకి వచ్చేలా బల్ల మీద పరిచాను. 78 కార్డులు, ఆమెకు అన్నీ కనిపించేలా. "ఇప్పుడు అదృష్టం లేదు, మీరే ఏరుకోండి. సందేహం వచ్చినప్పుడు మీకు కళ్ల ముందు కదిలేది ఏ బొమ్మకి దగ్గరగా ఉంది?" అన్నాను. సంకేతం కోసం ఎదురుచూసే మనిషికి ఈ పద్ధతి మొదట నచ్చదు. యాదృచ్ఛికంగా వచ్చిన కార్డుకే బరువు ఉంటుందని వాళ్ల నమ్మకం. కానీ ఏరుకున్న కార్డు గురించి "ఇదెందుకు?" అని అడిగితే జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. నా వ్యాఖ్యానం వెనక దాక్కోవడానికి చోటు ఉండదు.

మూన్ తీస్తారనో, సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ తీస్తారనో అనుకున్నాను. సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఒకడు మునివేళ్ల మీద నడుస్తూ కత్తులు ఎత్తుకుపోతుంటాడు; మోసం అనగానే అందరి వేలూ దాని మీదకే పోతుంది. ఆమె దాన్ని దాటేశారు. ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ తీశారు. తల మీద ఒక నాణెం, పాదాల కింద రెండు, ఇంకొకటి రెండు చేతులతో గుండెకి హత్తుకుని బిగుసుకుపోయి కూర్చున్న మనిషి.

"ఆ మాట ఎత్తగానే సరిగ్గా ఇలా కూర్చుంటాడు" అన్నారు.

"ఏ మాట?"

అప్పుడు వచ్చింది అసలు సంగతి. అతనికి ఒక లోన్ ఉందని ఆమెకు తెలుసు. ఎంత మిగిలింది, నెలకి ఎంత కడుతున్నాడు అని రెండు సార్లు అడిగితే, రెండుసార్లూ "పెళ్లయ్యాక చూసుకుందాంలే" అన్నాడట. రెండోసారి చేతులు కట్టుకుని వెనక్కి వాలిపోయాడు. ఆ రాత్రి నుంచే నిద్ర లేదు. నాతో "ఏమీ కాలేదు" అన్నది అబద్ధం కాదు. డబ్బు గురించి అడగడం చిన్నతనంగా అనిపించి, దాన్ని కారణాల లెక్కలోంచి ఆమే తీసేశారు.

తన కోసం ఒక కార్డు ఏరమంటే టూ ఆఫ్ స్వోర్డ్స్ తీశారు. కళ్లకు గంత కట్టుకుని, రెండు పెద్ద కత్తులు గుండె మీద అడ్డంగా పట్టుకుని కూర్చున్న స్త్రీ. "ఈమె చేతులు ఎవరూ పట్టుకోలేదు, చూశారా?" అని మాత్రం అన్నాను. ఆమె చాలాసేపు చూసి, "చేతులు నొప్పి పుడతాయి కదా ఇలా పట్టుకుంటే" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మొదటిసారి ఆమె భుజాలు కిందికి దిగాయి.

ఇక్కడ నేను తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది. అతను ఏం దాస్తున్నాడు అని కార్డులు తీయొచ్చు. ఆమె అడిగారు కూడా. తీయలేదు. ఎదుట లేని మనిషి మనసులో ఏముందో కార్డు చూసి చెబితే, అది నా ఊహ. ఆమె దాన్ని నిజంగా తీసుకుని ఇంటికి పోతారు, ఆ తర్వాత అతను చెప్పే ప్రతి మాటా ఆ ఊహతో పోల్చి చూస్తారు. పైగా అతన్ని అడిగితే తేలే విషయం ఇది. అడిగితే తేలేదానికి కార్డులు తీయడమంటే, ఆ అడగడాన్ని ఇంకో వారం వాయిదా వేయించడమే.

కాబట్టి ఇద్దరం కాగితం తీసుకున్నాం. అడగాల్సినవి మూడే రాశారు: మొత్తం అప్పు ఎంత, ఎవరెవరి పేరు మీద, నెలకి కట్టేది ఎంత. నోటిమాట కాకుండా కాగితాలు చూపించమని అడగాలి. గడువు పది రోజులు. పది ఎందుకంటే, ఏర్పాట్లకు మిగతా డబ్బు కట్టాల్సిన తేదీ రెండు వారాల్లో ఉంది. అది దాటితే వాయిదా వేయడం ఇంకా భారం అవుతుంది, ఆ భారమే నిర్ణయం తీసుకుంటుంది.

దాని కింద, జవాబు రాకముందే, ఏ జవాబుకి ఏం చేయాలో రాయించాను. కాగితాలు చూపి, అవి ఇంతవరకు చెప్పినదానితో సరిపోతే పెళ్లి అదే తేదీకి. చూపనంటే వాయిదా. చూపి, అందులో తనకు తెలియని కొత్త సంగతి ఉంటే, అది పూర్తిగా అర్థమయ్యేదాకా వాయిదా. ముందే ఎందుకు రాయించానంటే, జవాబు విన్న రోజు మనిషి మనసు జాలితోనో కోపంతోనో నిండి ఉంటుంది. ఆ రోజు నియమం తయారు చేసుకుంటే అది ఆ జాలికో కోపానికో అనుకూలంగా తయారవుతుంది. చివరి వాక్యం నేను చెప్పి రాయించాను: ఈ పది రోజులు ఎవరి చేతా కార్డు తీయించను. యాప్ అక్కడే ఫోన్‌లోంచి తీసేశారు.

ఇంకొకటి కూడా చెప్పాను. అతనితో మాట్లాడేటప్పుడు కార్డుల ప్రస్తావన తేవద్దని. "కార్డుల్లో ఇలా వచ్చింది" అంటే సంభాషణ కార్డులు నిజమా అబద్ధమా అనే దాని మీదకి మళ్లుతుంది, లోన్ సంగతి పక్కకి పోతుంది. "నాకు నిద్ర పట్టడం లేదు, ఈ మూడు తెలియాలి" అంటే చాలు, అదే నిజం కూడా.

మూడో రోజు అడిగారు, ఫోన్‌లో, అతను ఆఫీసు పనిలో ఉన్నప్పుడు. "నా మీద నమ్మకం లేదా?" అని పెట్టేశాడట. ఆ రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. ఏడుస్తున్నారు. "ఒక్కటే కార్డు తీయండి మేడం, ప్లీజ్."

తీయలేదు. అంత బాధలో ఉన్న మనిషికి కాదని చెప్పడం కష్టం, నా చేతిలో అప్పుడు డెక్ కూడా ఉంది. మంచి కార్డు వస్తే అడగడం మానేస్తారు. చెడ్డ కార్డు వస్తే ఆ కోపంలోనే తెంచేసుకుంటారు. రెండిట్లో ఏది జరిగినా ఆ మూడు ప్రశ్నలకు జవాబు రాదు. "కాగితంలో ఏం రాశారో చదవండి" అన్నాను. చదివారు. పనిలో ఉన్నప్పుడు ఫోన్‌లో అడగడం తప్పు సమయమని ఆమే అన్నారు. రెండు రోజుల తర్వాత ఎదురెదురుగా కూర్చుని మళ్లీ అడిగారు.

ఎనిమిదో రోజు అతను ఫైల్ తెచ్చాడు. ఆమెకు తెలిసిన లోన్ చెప్పినట్టే ఉంది, సగానికి పైగా తీరింది కూడా. కింద ఇంకో కాగితం ఉంది. ఒక స్నేహితుడి వ్యాపారం కోసం తీసుకున్న అప్పుకి అతను హామీ సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు కొన్ని వాయిదాలు కట్టలేదు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే హామీ ఉన్నవాడి మీద పడుతుంది, ఆ భయంతోనే ఇతను నోరు మెదపలేదు. ఆమెకు చెబితే పెళ్లి వద్దంటుందేమో అనుకున్నాడు.

ఆమె జాలిపడ్డారు. "పాపం, వాడు చేసింది మంచిపనే కదా, కానిచ్చేద్దాం" అనుకున్నానని తర్వాత నాతో చెప్పారు. కానీ కాగితం మీద మూడో నియమం ఉంది: తెలియని కొత్త సంగతి ఉంటే అర్థమయ్యేదాకా వాయిదా. ఆ నియమం రాసినప్పుడు ఆమె ప్రశాంతంగా ఉన్నారు, ఇప్పుడు లేరు. దాన్నే పాటించారు.

మూడు నెలలు అనుకున్నారు. ఈసారి ఆ మూడు నెలల్లో ఏం చేయాలో ఉంది: ఇద్దరూ కలిసి అప్పు ఇచ్చినవాళ్లని కలవడం, హామీ నుంచి బయటికి రావడానికి దారి ఉందో లేదో తెలుసుకోవడం, లేకపోతే అతని మీద పడేది ఎంతో లెక్క తేల్చుకోవడం. ఇలాంటి హామీ ఒకరు వద్దనుకుంటే పోదు, అప్పు ఇచ్చినవాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోవడానికి ఇంకో హామీదారు దొరకాల్సి వచ్చింది. మూడు నెలలు నాలుగున్నర అయ్యాయి. ఈ మధ్యలో రెండు కుటుంబాల్లో మాటలు పడ్డాయి, హాల్ అడ్వాన్స్‌లో కొంత తిరిగి రాలేదు, ఆమె ఇంట్లో ఒకరు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. వాయిదా ఖర్చు లేకుండా జరగలేదు. తర్వాత పెళ్లయింది.

పెళ్లయ్యాక ఒకసారి వచ్చి, "మొదటి రోజే ఫోర్ ఆఫ్ వాండ్స్ వచ్చింది కదా మేడం, కార్డులకి ముందే తెలుసు" అన్నారు. ఒప్పుకోలేదు. పెళ్లి పాత తేదీకే జరిగి ఉంటే కూడా అదే కార్డు నిజమైనట్టు అనిపించేది. పూర్తిగా చెడిపోయి ఉంటే టవర్ గుర్తుకొచ్చేది. ఆ రెండు రోజుల్లో బల్ల మీద పడ్డవి పన్నెండు కార్డులు. వాటిలో జరిగినదానికి సరిపడే కార్డు ఏదో ఒకటి ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి. పనిచేసింది ఆమె చూసి ఏరుకున్న నాలుగు నాణేల మనిషి, ఆ మనిషిని చూసి ఆమె నోట వచ్చిన ఒక్క మాట.

ఈ పద్ధతి వాడకూడని సందర్భం ఒకటి స్పష్టంగా చెప్పాలి. సందేహం అప్పు, ఉద్యోగం, ఎక్కడ ఉండాలి లాంటి అడిగితే తేలే విషయం మీద ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. అవతలి మనిషి కొట్టాడన్నా, బెదిరించాడన్నా, ఇష్టం లేకుండా పెళ్లికి నెడుతున్నారన్నా నేను డెక్ బయటికి తీయను. "ఎదురెదురుగా కూర్చుని అడగండి" అనే సలహా అక్కడ ప్రమాదం. వాళ్లకి ముందు సురక్షితమైన చోటు, నమ్మకమైన మనుషులు, చట్టం తెలిసినవాళ్లు కావాలి. అందుకే ఇప్పుడు పెళ్లి ప్రశ్నతో ఎవరు వచ్చినా మొదట అడిగేది, "అతనితో గానీ ఆమెతో గానీ ఈ మాట అనడానికి మీకు భయమా, మొహమాటమా?" మొహమాటం అంటేనే ముందుకు వెళతాను.

రెండో మార్పు, సెషన్‌కి ముందు నింపే కాగితంలో ఒక వరస చేర్చాను: "వాయిదా వేస్తే ఆ సమయంలో మీరు ఏం తెలుసుకుంటారు?" చాలామంది దాన్ని ఖాళీగా వదిలి వస్తారు. వాళ్లకి ఇప్పుడు నేను కార్డులు కలిపి ఇవ్వను, ముఖాలు పైకి పెట్టి పరుస్తాను.